దృష్టిక్షేత్ర క్రమాంకనం – కణం నిజపరిమాణ నిర్ణయం

వ్యాససంగ్రహం:
సూక్ష్మదర్శినిపై చెక్కి ఉండే వర్ధనసంఖ్య కణం ఎంత ఉందో చెప్పదు. కనిపించే వృత్తపు నిజవ్యాసాన్ని స్టేజ్ మైక్రోమీటరుతో నిర్ణయించి, దాని ఆధారంగా కణాన్ని కొలిచే పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది. పరికరానికీ ప్రమాణానికీ ‘మైక్రోమీటర్’ అన్న మాటే వాడుకలో ఉన్నందున, ఇక్కడ ప్రమాణాన్ని ‘మైక్రాన్’ అని వ్యవహరిస్తున్నాను.

1. ప్రవేశిక:
అమలాపురం, రాజోలు, కొత్తపేట కళాశాలల్లో ఒకే ఉల్లిపొరను 10 రెట్ల అక్షికటకం, 10 రెట్ల వస్తుకటకంతో చూశారనుకుందాం. మూడుచోట్లా వర్ధనం 100 రెట్లే. కానీ అక్షికటకంలోని రంధ్రం వెడల్పు మారితే, కనిపించే వృత్తమూ మారుతుంది. అందువల్ల ప్రతి కటకాల జంటనూ విడిగా కొలవాలి.

2. క్రమాంకన విధానం:
స్టేజ్ మైక్రోమీటర్ అంటే 1 మిల్లీమీటరును 100 భాగాలు చేసిన గాజుపలక. ఒక్కో భాగం 10 మైక్రాన్లు. 10 రెట్ల వస్తుకటకంతో వృత్తం 1 మిల్లీమీటరు కన్నా పెద్దది కాబట్టి, స్కేలు దానికి చాలదు. అప్పుడు అక్షికటకంలోని సూచిక ఆసరా అవుతుంది. స్కేలు సున్నాను ఎడమ అంచున ఉంచితే సూచిక మొన 89వ గీత వద్ద ఉంది. తరువాత సున్నాను మొన దగ్గరకు జరిపితే కుడి అంచు 87వ గీతను తాకింది. మొత్తం 176 భాగాలు, అంటే 1760 మైక్రాన్లు. ఈ రెండు కొలతల మధ్య అక్షికటకం తిరగకూడదు.

3. కణం కొలత:
స్కేలు తీసి ఉల్లిపొరను ఉంచితే, వ్యాసం పొడవునా వరుసగా ఐదున్నర కణాలు కనిపించాయి. 1760ని 5.5తో భాగిస్తే కణం సగటు పొడవు 320 మైక్రాన్లు. దానిని 64 మిల్లీమీటర్ల పొడవుతో గీస్తే చిత్రవర్ధనం 200 రెట్లు. అటువంటి చిత్రం పక్కన ‘100 రెట్లు’ అని రాయడం తప్పు.

4. దోషాలు, పరిమితులు:
స్కేలు వృత్తకేంద్రం గుండా పోకపోతే మనం కొలిచేది వ్యాసాన్ని కాదు, జ్యాను. కేంద్రం నుంచి వ్యాసార్థంలో సగం దూరం జరిగితే కొలత సుమారు 13 శాతం తగ్గుతుంది. కణమూ అంతమేర చిన్నదిగా తేలుతుంది. స్కేలును పైకీ కిందికీ జరిపి చూస్తే, వచ్చే అత్యధిక కొలతే వ్యాసం.

40 రెట్ల వస్తుకటకానికి 1760ని నాలుగుతో భాగించి 440 అనుకోవడం అంచనా మాత్రమే. కటకంపై రాసిన సంఖ్యకూ అసలు వర్ధనానికీ స్వల్పభేదం ఉండవచ్చు. అక్కడ వృత్తం స్కేలులోనే ఇముడుతుంది కనుక నేరుగా చదవాలి. 43 భాగాలు వస్తే వ్యాసం 430 మైక్రాన్లే.

5. ముగింపు:
అంచున తెగిన కణాన్ని అంచనా వేయడంలో పావు కణం తేడా వచ్చినా, ఫలితం 306 నుంచి 335 మైక్రాన్ల వరకు మారుతుంది. కాబట్టి దశాంశాలు చేర్చక ‘సుమారు 320 మైక్రాన్లు’ అని, వాడిన కటకాల జంటతోపాటు నమోదు చేయడమే సమంజసం.