పన్నెండో నెల దాటకముందే నష్టం, దాటాక లాభం

మార్చి నెల రాగానే షేర్లున్న ఇళ్లలో ఒక లెక్క మొదలవుతుంది. ఈ ఏడాది అమ్మిన వాటిపై ఎంత లాభం వచ్చింది, దానికి పన్నెంత కట్టాలి, డీమ్యాట్ ఖాతాలో ఎర్రగా కనిపిస్తున్న షేర్లను ఇప్పుడే వదిలించుకుంటే ఆ పన్ను తగ్గుతుందా? తగ్గుతుంది. నష్టంలో ఉన్న షేరును అమ్మి, ఆ నష్టాన్ని లాభంలోంచి మినహాయించుకోవడాన్నే ట్యాక్స్ లాస్ హార్వెస్టింగ్ అంటున్నారు. చట్టం దీన్ని అనుమతిస్తుంది. అయితే చాలామంది మార్చి 31 గడువునే చూస్తారు తప్ప, ఏ షేరు ఏ తేదీన కొన్నారో చూడరు. అసలు తేడా అక్కడే వస్తుంది.

స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన షేరును కొని 12 నెలలు దాటాక అమ్మితే దీర్ఘకాలిక లాభం, ఆలోపు అమ్మితే స్వల్పకాలిక లాభం. 2024 జులై 23 నుంచి స్వల్పకాలిక లాభంపై పన్ను 20 శాతం. దీర్ఘకాలిక లాభాల్లో ఏడాదికి రూ.1.25 లక్షల వరకు పన్ను లేదు, ఆపై 12.5 శాతం. ఈక్విటీ మ్యూచువల్ ఫండ్లకూ ఇవే రేట్లు.

నష్టాల విషయంలో చట్టం ఒక వివక్ష చూపిస్తుంది. స్వల్పకాలిక నష్టాన్ని రెండు రకాల లాభాల్లోంచీ తీసేసుకోవచ్చు. దీర్ఘకాలిక నష్టాన్ని మాత్రం దీర్ఘకాలిక లాభంలోంచే తీసుకోవాలి. జీతం మీదో అద్దె మీదో కట్టే పన్నును తగ్గించుకోవడానికి ఈ రెండూ పనికిరావు. కాబట్టి ఏడాది నిండేలోపు నష్టం విలువ ఎక్కువ, నిండాక తక్కువ. లాభం సంగతి దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది.

విజయవాడలో ఉద్యోగం చేస్తున్న ఒక మదుపరిని ఊహించుకుందాం. 2025-26లో ఆమె మూడేళ్ల కిందట కొన్న బ్యాంకు షేర్లు అమ్మితే రూ.3 లక్షల దీర్ఘకాలిక లాభం వచ్చింది. ఆగస్టులో కొని జనవరిలో అమ్మిన వేరే షేర్ల మీద రూ.లక్ష స్వల్పకాలిక లాభం వచ్చింది. ఇలాగే వదిలేస్తే మొదటి దానిపై మినహాయింపు పోను రూ.1.75 లక్షలకు రూ.21,875, రెండో దానిపై రూ.20,000, మొత్తం రూ.41,875 పన్ను. దీనిపై 4 శాతం సెస్సు అదనం.

మార్చి రెండో వారంలో ఆమె దగ్గర ఇంకా మూడు రకాల షేర్లున్నాయి. 2025 ఏప్రిల్ చివర్లో రూ.4 లక్షలకు కొన్న ఐటీ షేర్లు ఇప్పుడు రూ.3 లక్షలే పలుకుతున్నాయి. అదే వారంలో రూ.3 లక్షలకు కొన్న ఆటో షేర్లు రూ.3.6 లక్షలకు చేరాయి. రెండేళ్ల కిందట కొన్న ఫార్మా షేర్లు రూ.80,000 నష్టంలో ఉన్నాయి.

ముందుగా ఐటీ షేర్లు. వాటికి 12 నెలలు ఇంకా నిండలేదు. ఇప్పుడే అమ్మితే వచ్చే రూ.లక్ష నష్టం, 20 శాతం పన్ను పడే రూ.లక్ష లాభాన్ని పూర్తిగా తుడిచేస్తుంది. రూ.20,000 మిగులుతుంది. ‘మళ్లీ లేస్తుందేమో చూద్దాం’ అనుకుని మే దాకా ఆగితే అది దీర్ఘకాలిక నష్టమవుతుంది. అప్పటికి ఆర్థిక సంవత్సరం కూడా మారిపోతుంది కాబట్టి జనవరి లాభంపై పన్ను ఎలాగూ కట్టాల్సిందే. ఆ రూ.లక్షతో ఆ తర్వాత మహా అయితే రూ.12,500 ఆదా అవుతుంది, అదీ సరిపడా దీర్ఘకాలిక లాభం ఉంటేనే.

ఆటో షేర్ల విషయంలో తొందర పనికిరాదు. ఇప్పుడే అమ్మితే రూ.60,000 మీద రూ.12,000 పన్ను. మే నెలలో అమ్మితే అది దీర్ఘకాలిక లాభం. పైగా ఏప్రిల్ 1న రూ.1.25 లక్షల మినహాయింపు కొత్తగా మొదలవుతుంది. ఆ ఏడాది వేరే లాభాలు పెద్దగా లేకపోతే పన్నే ఉండదు. అయితే ఈ నిరీక్షణకూ ఒక హద్దుంది. రూ.3.6 లక్షల్లో రూ.12,000 అంటే 3.3 శాతం. ఈలోపు ధర అంతకన్నా ఎక్కువ పడితే పన్ను మిగిలినా చేతికి వచ్చేది తగ్గుతుంది. ఆ షేరు మీద నమ్మకం పోయినవాళ్లు పన్ను కోసం దాన్ని పట్టుకుని కూర్చోకూడదు.

ఇక ఫార్మా. రూ.80,000 దీర్ఘకాలిక నష్టం రూ.3 లక్షల లాభంలోంచి పోతే రూ.2.2 లక్షలు మిగులుతుంది. మినహాయింపు తీసేస్తే పన్ను రూ.11,875కు దిగుతుంది. అంటే మరో రూ.10,000 ఆదా.

ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. ఆమె దీర్ఘకాలిక లాభం రూ.3 లక్షలు కాక రూ.లక్షే అయితే? అది ఎలాగూ మినహాయింపు లోపలే ఉంది, పన్ను లేదు. అప్పుడు ఫార్మా షేర్లు అమ్మితే ముందు నష్టం లాభంలోంచి తీసివేత అవుతుంది, మినహాయింపు ఆ తర్వాతే వర్తిస్తుంది. పన్నే లేని లాభం మీద రూ.80,000 నష్టం కరిగిపోతుంది, రూపాయి కూడా మిగలదు. అలాంటి ఏడాది చేయాల్సింది దానికి విరుద్ధం: పాత షేర్లలో ఇంకో రూ.25,000 లాభం వచ్చేంత అమ్మి మళ్లీ కొనుక్కోవడం. పన్ను లేకుండానే వాటి కొనుగోలు ధర పెరుగుతుంది, రేపటి పన్ను ఆ మేరకు తగ్గుతుంది.

అమ్మిన షేరునే తిరిగి కొనాలంటే తేదీ జాగ్రత్త. ఒకే రోజు ఒకే ఎక్స్ఛేంజీలో అమ్మి కొంటే అది ఇంట్రాడే లావాదేవీ అవుతుంది. షేర్లు డీమ్యాట్ నుంచి కదలవు, అనుకున్న నష్టమూ పుట్టదు. కనీసం మర్నాడు కొనాలి, రాత్రికి రాత్రి ధర మారే ప్రమాదాన్ని భరించాలి. అమ్మినప్పుడూ కొన్నప్పుడూ 0.1 శాతం చొప్పున ఎస్‌టీటీ, కొన్నప్పుడు స్టాంపు డ్యూటీ, వీటికి తోడు బ్రోకరేజీ. చిన్న నష్టాలకు ఈ ఖర్చే ఆదాను తినేయవచ్చు.

అంతకన్నా పెద్ద సంగతి, కొత్తగా కొన్న షేరుకు 12 నెలల లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. ఫార్మా షేర్లను మర్నాడే కొన్నారనుకుందాం. ఆరు నెలల్లో అవి పాత ధరకు చేరి, ఆమె అమ్మేస్తే రూ.80,000 స్వల్పకాలిక లాభంపై రూ.16,000 పన్ను పడుతుంది. మార్చిలో మిగిలింది రూ.10,000. ఈ పద్ధతి చాలావరకు పన్నును వాయిదా వేస్తుందే తప్ప మాఫీ చేయదు.

అమెరికాలో ఉంటున్న మన వాళ్లకు నియమం వేరు. అక్కడ నష్టానికి అమ్మిన షేరును అమ్మకానికి ముందు 30 రోజుల్లో గానీ, తర్వాత 30 రోజుల్లో గానీ కొంటే ఆ నష్టాన్ని ఆ ఏడాది లెక్కలోకి తీసుకోనివ్వరు, కొత్త షేర్ల ధరకు కలుపుతారు. దాన్ని వాష్ సేల్ నిబంధన అంటారు. భారత్‌లో షేర్లకు ఇలాంటి 30 రోజుల గీత లేదు. అలాగని ముందే మాట్లాడుకుని ఇంట్లో ఒకరి ఖాతా నుంచి ఇంకొకరి ఖాతాలోకి మార్చి నష్టం చూపిస్తే, బూటకపు లావాదేవీగా ఆదాయపు పన్ను శాఖ తోసిపుచ్చవచ్చు.

విడతలుగా కొన్నవాళ్లు, సిప్ కట్టేవాళ్లు మరొకటి గమనించాలి. ప్రతి విడతకూ దాని సొంత తేదీ, సొంత ధర ఉంటాయి. ఒక ఖాతాలోంచి అమ్మినప్పుడు ముందు కొన్నవే ముందు పోయినట్టు లెక్క. ఈ మధ్య ఎక్కువ ధరకు కొన్న యూనిట్ల నష్టాన్ని మాత్రమే ఏరుకుని అమ్ముదామంటే కుదరదు, వాటికన్నా ముందు లాభంలో ఉన్న పాత యూనిట్లు బయటికి వస్తాయి. అమ్మకం నొక్కేముందే బ్రోకర్ ఇచ్చే విడతలవారీ నివేదికలో ఇది కనిపిస్తుంది.

ఏడాదిలో సర్దగా మిగిలిన నష్టాన్ని తర్వాతి ఎనిమిదేళ్ల దాకా ముందుకు తీసుకుపోవచ్చు. దానికి షరతు ఒక్కటే, నష్టం వచ్చిన ఏడాది రిటర్నును అసలు గడువులోపే దాఖలు చేయాలి. ఆలస్యపు రుసుము కట్టి తర్వాత వేస్తే ఆ ఏటి లాభాల్లో సర్దుబాటు వరకు దక్కుతుంది. మిగిలిన నష్టం మాత్రం మరుసటి ఏడాదికి రాదు.