పూర్వపరిశోధనల సమీక్ష: అంశానుసార సమన్వయం

వ్యాససంగ్రహం: సిద్ధాంతగ్రంథంలోని పూర్వపరిశోధనల సమీక్షను గ్రంథానికొక పేరా చొప్పున రాయడం వల్ల పరిశోధన ఖాళీ వెల్లడి కాదు, సారూప్యత శాతమూ పెరుగుతుంది. సమీక్షను అంశానుసారంగా సమన్వయించే పద్ధతిని 'కన్యాశుల్కం' నాటక విమర్శను ఉదాహరణగా తీసుకొని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: పూర్వపరిశోధన, సమన్వయం, సారూప్యత, కన్యాశుల్కం, గ్రంథచౌర్యం.

1. ఉపోద్ఘాతం

"ఫలానావారు తమ గ్రంథంలో ఫలానా విషయాన్ని వివరించారు" అనే వాక్యంతో ప్రతి పేరా మొదలయ్యే సమీక్షలు మన సిద్ధాంతగ్రంథాలలో తరచుగా కనిపిస్తాయి. ఇటువంటి సమీక్షలో పేరాల వరుసను మార్చినా అర్థానికి లోపం రాదు. పేరాల మధ్య తర్కసంబంధం లేదనడానికి అదే గుర్తు. ఎవరు ఏమన్నారో అందులో తెలుస్తుంది గాని, ఎవరు ఎవరితో విభేదించారో, ఏ ప్రశ్న మిగిలిందో తెలియదు.

2. సారూప్యత ఎందుకు పెరుగుతుంది?

ఒక్కొక్క గ్రంథాన్ని విడిగా సంగ్రహించేటప్పుడు పరిశోధకుడు ఆ గ్రంథపు పీఠికనో వ్యాససంగ్రహాన్నో ముందుంచుకొని రాస్తాడు. మూలంలోని వాదక్రమం, పదబంధాలు తెలియకుండానే దిగుమతి అవుతాయి. అదే అంశంపై పూర్వం వచ్చి శోధ్‌గంగలో నిక్షిప్తమైన సిద్ధాంతగ్రంథాలలోనూ అవే సంగ్రహాలు ఉండవచ్చు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018 నిబంధనల ప్రకారం సారూప్యత 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. 10 దాటి 40 శాతం వరకు ఉంటే, ఆరు నెలలకు మించని గడువులో గ్రంథాన్ని సవరించి సమర్పించాలి. సూచికతో ఉల్లేఖించిన భాగాలను, ఉపయుక్త గ్రంథసూచిని ఈ లెక్కలో చేర్చరు. కనుక ఉల్లేఖన చిహ్నాలు లేకుండా మూలానికి దగ్గరగా నడిచే సంగ్రహవాక్యాలే లెక్కకు వస్తాయి.

3. పట్టిక నిర్మాణం

సమన్వయానికి తొలి మెట్టు ఒక పట్టిక. అడ్డువరుసలలో గ్రంథాలు, నిలువువరుసలలో ప్రశ్నలు ఉండాలి. "సంస్కరణ", "భాష" వంటి విషయశీర్షికలకన్న "నాటకలక్ష్యం సంస్కరణేనా?", "వాదానికి ఆధారం ఏ ముద్రణ?" వంటి ప్రశ్నలు మేలు, ఎందుకంటే ప్రశ్నకు సమాధానాలు పరస్పరం ఢీకొంటాయి. ప్రతి గడిలోనూ గ్రంథాన్ని మూసి, సొంత మాటలలో ఒకటి రెండు వాక్యాలు, పుటసంఖ్య రాసుకోవాలి. సమీక్ష రాసేటప్పుడు పట్టికను అడ్డంగా కాక నిలువుగా చదవాలి. ఒక నిలువువరుస ఒక పేరా అవుతుంది.

4. ఉదాహరణ: కన్యాశుల్కం

"నాటకలక్ష్యం సంస్కరణేనా?" అనే నిలువువరుసను తీసుకొందాం. 1897 నాటి ఆంగ్ల పీఠికలో గురజాడ సంఘసంస్కరణను తన లక్ష్యాలలో ఒకటిగా పేర్కొన్నారు. కె.వి. రమణారెడ్డి 'మహోదయం' గురజాడ స్థానాన్ని జాతీయ పునరుజ్జీవనంలో నిర్ణయించింది. 2007 నాటి ఆంగ్లానువాదానికి అనుబంధంగా రాసిన వ్యాసంలో వెల్చేరు నారాయణరావు ఈ సంస్కరణదృష్టినే ప్రశ్నించారు. విడివిడిగా రాస్తే ఇవి మూడు పేరాలు. సమన్వయిస్తే ఇలా ఉంటుంది:

"కన్యాశుల్కాన్ని సంస్కరణ నాటకంగా చదవడానికి తొలి ఆధారం రచయిత పీఠికయే (1897). ఆ దృష్టి రమణారెడ్డి చేతిలో పునరుజ్జీవన చట్రంగా విస్తరించగా, నారాయణరావు ఆ చట్రాన్నే వివాదాస్పదం చేశారు. అయితే పీఠిక మొదటి ముద్రణకు రాసినది. నేడు ప్రచారంలో ఉన్నది 1909లో రచయిత విస్తృతంగా తిరగరాసిన పాఠం. మొదటి పాఠానికి ప్రకటించిన లక్ష్యం రెండవ పాఠానికి ఎంతవరకు వర్తిస్తుందన్నది పరిశీలనార్హం."

ఇందులోని రెండవ వాక్యం రెండు మూలాల సంబంధం నుంచి పుట్టింది గనుక ఆ రూపంలో ఏ ఒక్క మూలంలోనూ దొరకదు. చివరి ప్రశ్నకు "ఏ ముద్రణ?" అనే పక్క నిలువువరుస దారి చూపింది. బంగోరె 1969లో 'మొట్టమొదటి కన్యాశుల్కం' ప్రచురించడం వల్ల ఆ పోలికకు అవసరమైన పాఠమూ అందుబాటులో ఉంది.

5. జాగ్రత్తలు, పరిమితులు

అంశశీర్షికలు పెట్టి, వాటి కింద మళ్ళీ గ్రంథానికొక పేరా రాస్తే పాత పద్ధతే పేరు మార్చుకొన్నట్లు. పేరా తొలి వాక్యంలో కర్తృస్థానాన్ని పరిశీలిస్తే ఇది తెలుస్తుంది: అక్కడ వాదం ఉండాలి, విమర్శకుని పేరు కాదు. పట్టికలో ఖాళీగా ఉన్న ప్రతి గడీ పరిశోధన ఖాళీ కాదు. అది మనం చదవని పుట కావచ్చు. మూలగ్రంథాన్ని మళ్ళీ చూసిన తరువాతే "ఎవరూ చర్చించలేదు" అని రాయాలి.

సారూప్యత తక్కువగా ఉన్నంత మాత్రాన రచన నిర్దోషమని చెప్పలేము. తనిఖీ సాధనం తన నిధిలో ఉన్న పాఠాలతోనే పోల్చగలదు. అక్షరరూపంలో అంతర్జాలానికి ఎక్కని పాత తెలుగు గ్రంథం నుంచి పుట మొత్తం ఎత్తి రాసినా సున్న శాతమే చూపవచ్చు. పర్యాయపదాలు మార్చి ఆధారం చెప్పకుండా గ్రహించిన భావం కూడా గ్రంథచౌర్యమే. సమన్వయవాక్యంలో ఎన్ని మూలాలు కలిస్తే అన్నింటికీ సూచిక ఇవ్వాలి.

6. ముగింపు

అంశానుసార సమీక్షలో సారూప్యత తగ్గడం అనుషంగిక ఫలితమే. పై ఉదాహరణలో అసలు ఫలితం 1897, 1909 పాఠాల మధ్య తేలిన ప్రశ్న. సమీక్షాధ్యాయం ముగిసేసరికి అటువంటి ప్రశ్న ఒక్కటైనా తేలకపోతే, శాతం ఎంత తక్కువగా ఉన్నా పట్టికను మరొకసారి నిలువుగా చదవవలసి ఉంటుంది.