సాల వృక్షం, పురుగు, వడ్రంగిపిట్ట: ఏ పిరమిడ్ తలకిందులవుతుంది?

పర్యావరణ పరీక్షలో పెద్ద ప్రశ్న ఒకటి తరచూ వస్తుంటుంది: "ఆహార గొలుసులో శక్తి ప్రవాహాన్ని వివరించి, జీవావరణ పిరమిడ్ల రకాలను తెలపండి." చాలామంది గడ్డి, మిడత, కప్ప, పాము అని రాసి మూడు త్రికోణాలు గీస్తారు. మూడూ ఒకేలా ఉంటాయి. అసలు చిక్కు అక్కడే ఉంది. మూడూ ఒకేలా ఉంటే మూడు పేర్లెందుకు?

దీనికి బిలాస్‌పూర్-కట్నీ రైలు మార్గంలోని కోటా వైపు చూద్దాం. ఈ ఊరు దాటి వెళితే అచానక్‌మార్ అడవి వస్తుంది. 1975లో అభయారణ్యంగా, 2009లో పులుల అభయారణ్యంగా ప్రకటించిన ఈ అడవిలో ప్రధాన వృక్షం సాల, అంటే మన గుగ్గిలం చెట్టు. సాల వృక్షానికి పెద్ద శత్రువు కాండం తొలిచే ఒక పెంకు పురుగు. వానాకాలం మొదలవగానే పెద్ద పురుగులు బయటికి వచ్చి బెరడు పగుళ్లలో గుడ్లు పెడతాయి. వాటి నుంచి వచ్చిన లార్వాలు లోపలి బెరడును తిని, తరువాత చెక్కలోకి తొలుచుకుపోతాయి. ఆరోగ్యంగా ఉన్న చెట్టు జిగురు స్రవించి చిన్న లార్వాలను ముంచేస్తుంది. పురుగులు మరీ ఎక్కువైతే చెట్టు ఓడిపోతుంది. 1997-98 ప్రాంతంలో అప్పటి అవిభక్త మధ్యప్రదేశ్ సాల అడవుల్లో ఇదే జరిగింది.

ఈ గొలుసులో చెట్టు ఉత్పత్తిదారు, లార్వా మొదటి వినియోగదారు, దాన్ని పొడుచుకు తినే వడ్రంగిపిట్ట రెండవ వినియోగదారు. ఇప్పుడు లెక్కపెట్టండి. చెట్టు ఒకటి. గట్టిగా దాడి జరిగితే అందులో లార్వాలు వందల్లో ఉంటాయి. పిట్టలు రెండో మూడో. కాబట్టి సంఖ్యా పిరమిడ్ అడుగున సన్నగా, మధ్యలో లావుగా, పైన మళ్లీ సన్నగా కదురులా వస్తుంది. సంఖ్యను బదులు బరువును చూస్తే బొమ్మ మారిపోతుంది. చెట్టు బరువు టన్నుల్లో ఉంటుంది, లార్వాలన్నీ కలిపినా దాని ముందు నామమాత్రం. జీవద్రవ్యరాశి పిరమిడ్ నిటారుగా నిలబడుతుంది.

మరి శక్తి? లార్వా తిన్న చెక్కంతా దాని శరీరం కాదు. దాడికి గురైన చెట్టు మొదట్లో రంపపు పొట్టులాంటి పొడి కుప్పగా పడి ఉంటుంది. పురుగు సోకిందని అటవీ సిబ్బంది గుర్తుపట్టేది దాన్ని చూసే. ఆ పొడిలో లార్వా జీర్ణించుకోని శక్తి ఉంది. జీర్ణమైన దానిలోనూ పెద్ద భాగం శ్వాసక్రియలో వేడిగా పోతుంది. మిగిలినదే లార్వా పెరుగుదల, వడ్రంగిపిట్టకు అందేది అందులోంచే. "90 శాతం వేడిగా పోతుంది" అని జవాబులో రాయడం అందుకే సరికాదు. తినకుండా మిగిలినదీ, విసర్జించినదీ చెదలు, శిలీంధ్రాల గొలుసులోకి వెళ్లి, అక్కడ క్రమంగా వేడిగా మారుతుంది. 1942లో లిండెమన్ పరిశోధనతో ముడిపడిన 10 శాతం సూత్రం కూడా స్థూలమైన సగటే. శరీరాన్ని వెచ్చగా ఉంచుకోవడానికి ఖర్చు చేసే పక్షులు, క్షీరదాలు జీర్ణించుకున్న ఆహారంలో పెరుగుదలకు మిగుల్చుకునేది కొద్దిశాతమే. పురుగులు ఇంకా ఎక్కువ మిగుల్చుకుంటాయి.

అయితే జీవద్రవ్యరాశి పిరమిడ్ ఎప్పుడూ నిటారుగానే ఉంటుందా? కోటాకు దగ్గరలోని రతన్‌పూర్ చెరువులకు పేరు. అలాంటి చెరువులో ఒక చదరపు మీటరు కింద వృక్షప్లవకాలు 4 గ్రాములు, వాటిని తినే జంతుప్లవకాలు 20 గ్రాములు ఉన్నాయనుకుందాం. పైది బరువు, కిందిది తేలిక; పిరమిడ్ తలకిందులైంది. తినేవి తిండికన్నా బరువుగా ఉండి ఎలా బతుకుతున్నాయి? వృక్షప్లవకాలు కొద్ది రోజుల్లోనే రెట్టింపవుతాయి, అంతే వేగంగా తినబడతాయి. ఏడాదికి 100 సార్లు కొత్తగా పుట్టాయనుకుంటే ఉత్పత్తి 400 గ్రాములు. జంతుప్లవకాలు ఏడాదికి రెండుసార్లే మారాయనుకుంటే 40 గ్రాములు. ఈ అంకెలు ఉదాహరణ కోసం తీసుకున్నవి. కిరాణా కొట్టులో ఏ రోజు చూసినా బస్తాలు నాలుగే కనిపించవచ్చు, ఏడాది అమ్మకం లెక్క వేరు.

ప్రమాణాలు చూస్తే విషయం తేటపడుతుంది. సంఖ్యా పిరమిడ్‌లో చదరపు మీటరుకు ఎన్ని ప్రాణులు, జీవద్రవ్యరాశిలో చదరపు మీటరుకు ఎన్ని గ్రాములు అని రాస్తాం. రెండూ ఒక్క క్షణంలో తీసిన ఫోటోలాంటివి. శక్తి పిరమిడ్‌లో చదరపు మీటరుకు ఏడాదికి ఎన్ని కిలోజౌళ్లు అని రాస్తాం. అందులో కాలం ఉంది. పై మెట్టుకు చేరేది కింది మెట్టు నుంచే కాబట్టి, దారిలో కొంత తప్పక పోతుంది కాబట్టి, ఈ పిరమిడ్ తలకిందులు కావడం కుదరదు. బొమ్మ పక్కన ప్రమాణం లేని జవాబులో ఏ పిరమిడ్ గీశారో దిద్దేవారికి తెలిసే దారి లేదు.