ఒక ఎక్స్‌రే, పద్నాలుగు జవాబులు

అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రంలోని బెథెస్డాలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్ వారి ఆసుపత్రి ఒకటుంది, పేరు క్లినికల్ సెంటర్. అక్కడి పరిశోధకులు 2017లో తమ దగ్గర పోగుపడిన ఛాతీ ఎక్స్‌రేలను, రోగుల పేర్లు తీసేసి, ఎవరైనా వాడుకునేలా బయటపెట్టారు. ఛెస్ట్‌ఎక్స్‌రే14 అని పిలిచే ఆ సేకరణలో 30,805 మంది రోగులకు తీసిన 1,12,120 ఎక్స్‌రేలున్నాయి. ఒక్కోదానికీ పద్నాలుగు గడులు. గుండె పెద్దదవడం, ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరడం, గాలి చేరడం, న్యుమోనియా, గడ్డ, హెర్నియా ఇలా ఒక్కో గడి ఒక్కో సమస్యది. ఆ సమస్య ఉంటే 1, లేకపోతే 0. ఏ సమస్యా లేక అన్నీ సున్నాలే ఉన్నవి 60 వేల పైచిలుకు.

ఇలాంటి ఎక్స్‌రేలు చూపించి కంప్యూటర్‌కు చదవడం నేర్పాలంటే, ముందు ప్రశ్న సరిగ్గా అడగాలి. ‘ఇందులో ఉన్న జబ్బు ఏది?’ అంటే కుదరదు. గుండె నీరసించిన మనిషికి గుండె ఉబ్బి ఉంటుంది, ఊపిరితిత్తి చుట్టూ నీరూ చేరి ఉంటుంది. రెండూ ఒకే ఫిల్ములో కనిపిస్తాయి. పరీక్షల్లో ‘సరైన సమాధానం గుర్తించుము’ అనే ప్రశ్న ఒక రకం, ‘కింది వాక్యాలు ఒప్పో తప్పో రాయుము’ అనేది ఇంకో రకం. మనకు కావలసింది రెండోది. పద్నాలుగూ ఒప్పు కావచ్చు, పద్నాలుగూ తప్పు కావచ్చు. మల్టీ లేబుల్ వర్గీకరణ అనేది ఇదే.

తేడా అంకెల్లో చూద్దాం. నేను అనుకున్న ఒక ఎక్స్‌రేలో గుండె పెద్దదై ఉంది, నీరూ చేరింది. మోడల్ ఎక్స్‌రే అంతా చూసి చివరి పొరలో ఒక్కో సమస్యకు ఒక్కో అంకె ఇస్తుంది. ఇది ఎంతైనా ఉండొచ్చు, మైనస్ కూడా కావచ్చు. దాన్ని లాజిట్ అంటారు. నాలుగు గడులే తీసుకుందాం. గుండెకు 2, నీటికి 0.4, గాలికి -3, హెర్నియాకు -4 వచ్చాయి.

ఒకటే జవాబు ఉండే లెక్కల్లో వాడే సాఫ్ట్‌మాక్స్ సూత్రం ఈ నాలుగింటికీ కలిపి మొత్తం 1 అయ్యేలా పంచుతుంది. గుండెకు 0.83, నీటికి 0.17, మిగతా రెంటికీ చిల్లర. ఫిల్ములో నీరు ఉన్నా, గుండె ఎక్కువ వాటా లాగేసుకోవడంతో దానికి మిగిలింది అంతే. సిగ్మాయిడ్ అలా కాదు. 1/(1+e^(-x)) అనే సూత్రంతో ఒక్కో లాజిట్‌నూ విడిగా 0కీ 1కీ మధ్యకు తెస్తుంది. గుండెకు 0.88, నీటికి 0.60, గాలికి 0.05, హెర్నియాకు 0.02. కలిపితే ఒకటిన్నర దాటింది, దాటనివ్వండి. ఇవి పంచుకోవాల్సిన వాటాలు కావు, వేర్వేరు ప్రశ్నలకు వేర్వేరు జవాబులు. పైగా సాఫ్ట్‌మాక్స్‌కు ‘ఏదీ లేదు’ అని చెప్పే దారి లేదు. ఆ మాట కోసం పదిహేనో గడి కావాలి. సిగ్మాయిడ్‌లో అన్నీ చిన్న అంకెలొస్తే అదే ఆ జవాబు.

ఇక నేర్పడం. మోడల్ ఎంత తప్పిందో కొలిచేది బైనరీ క్రాస్ ఎంట్రపీ. నిజంగా ఉన్న సమస్యకు మోడల్ 0.60 అంటే, నష్టం ఆ 0.60 లాగరిథమ్‌కు మైనస్ పెడితే వచ్చేది, అంటే 0.51. గుండెకు 0.88 అంది కాబట్టి నష్టం 0.13. లేని హెర్నియాకు 0.02 అంది, నష్టం కూడా దాదాపు 0.02. ఇలా గడి గడికీ లెక్కగట్టి సగటు తీస్తారు. ధీమాగా తప్పు చెబితే నష్టం విపరీతంగా పెరుగుతుంది, ఈ కొలతలో ఉన్న గుణమే అది.

చిక్కు కూడా సరిగ్గా అక్కడే వస్తుంది. లేని సమస్యకు మోడల్ 20 అనే లాజిట్ ఇచ్చిందనుకోండి. ఇంతకన్నా పెద్ద తప్పు ఉండదు, లెక్క ప్రకారం నష్టం 20 రావాలి. కానీ 20కి సిగ్మాయిడ్ విలువ 0.999999998. కంప్యూటర్ మామూలుగా వాడే 32 బిట్ల అంకెల్లో అంత సూక్ష్మం పట్టదు, గుండ్రంగా 1 అయిపోతుంది. అప్పుడు 1 లోంచి 1 తీసేసి, సున్నాకు లాగరిథమ్ కట్టాలి. అది అనంతం. పైటార్చ్‌లోని పాత పద్ధతి ఆ విలువను 100 దగ్గర ఆపేస్తుంది కాబట్టి ప్రోగ్రాం ఆగదు. కానీ సిగ్మాయిడ్ 1 దగ్గర బిగుసుకుపోయింది, అక్కడి నుంచి వెనక్కి వెళ్లే సవరణ సున్నా. అతి పెద్ద తప్పు దగ్గర మోడల్ నేర్చుకునేది ఏమీ లేదన్నమాట.

అందుకే సిగ్మాయిడ్‌ను విడిగా కట్టకుండా నష్టాన్ని లాజిట్ మీదే నేరుగా కడతారు. రెండు సూత్రాలనూ కలిపి సర్దితే max(x, 0) − x·y + log(1 + e^(−|x|)) వస్తుంది. ఇందులో x లాజిట్, y అసలు జవాబు. x 20, y 0 పెట్టి చూడండి, బుద్ధిగా 20 వస్తుంది. ఏ దశలోనూ సున్నాకు లాగరిథమ్ కట్టే పని పడదు. సవరణ కూడా మోడల్ చెప్పిన విలువలోంచి అసలు జవాబు తీసేస్తే వచ్చేదే, ఇక్కడ 1.

```python
loss = nn.BCEWithLogitsLoss()(logits, labels.float())
# వాడేటప్పుడు మాత్రమే:
probs = torch.sigmoid(logits)
found = probs >= thresholds   # 14 విలువలు
```

ఇక్కడ చాలామంది జారే చోటు ఒకటుంది. మోడల్ చివర సిగ్మాయిడ్ అలాగే ఉంచేసి ఈ నష్టాన్ని వాడతారు. సిగ్మాయిడ్ రెండుసార్లు పడుతుంది, ప్రోగ్రాం మాత్రం కిమ్మనదు. కనిపెట్టడానికి నష్టం అంకె చాలు. రెండుసార్లు పడినప్పుడు, సమస్య లేని గడిలో నష్టం 0.693 కంటే కిందికి దిగనే దిగదు. ఈ సేకరణలో 1 ఉన్న గడులు వందలో సుమారు ఐదే. ఎక్స్‌రే చూడకుండా అన్నిటికీ 0.05 అని గుడ్డిగా చెప్పినా సగటు నష్టం 0.2 దగ్గర ఉంటుంది. ఎంతసేపు నేర్పినా 0.69 చుట్టుపక్కలే తచ్చాడుతుంటే, తప్పు డేటాలో వెతక్కండి, చివరి పొర చూడండి.

మోడల్ బాగానే నేర్చుకుంది. ఇప్పుడు నీటికి 0.30 అంది. ఉన్నట్టా, లేనట్టా? 0.5 దాటితే ఉన్నట్టు అనేది అందరికీ ముందుగా తోచేది. ఈ డేటాలో అది పనికిరాదు. హెర్నియా 1,12,120 ఎక్స్‌రేలలో 227 చోట్ల మాత్రమే ఉంది, అంటే వెయ్యికి రెండు. ‘ఎవరికీ లేదు’ అని చెప్పే మోడల్‌కు కూడా 99.8 శాతం మార్కులొస్తాయి. అందులో హెర్నియాకు 0.08 వచ్చిందంటే, మామూలు కంటే నలభై రెట్లు అనుమానం అన్నమాట. 0.5 గీత గీస్తే ఆ ఎక్స్‌రే ఎవరి కంటా పడదు.

గీత ఎక్కడ గీయాలో తేల్చడానికి, నేర్పడానికి వాడని ఎక్స్‌రేలను పక్కన పెట్టుకోవాలి. ఒకే రోగివి చాలా ఫిల్ములు ఉన్నాయి కాబట్టి విభజన రోగుల వారీగా జరగాలి, లేకపోతే అదే మనిషి రెండు వైపులా దూరతాడు. చిన్న ఉదాహరణగా పది ఎక్స్‌రేలు ఊహించుకుందాం. నాలుగింటిలో నిజంగా నీరుంది, వాటికి మోడల్ 0.62, 0.30, 0.22, 0.10 ఇచ్చింది. నీరు లేని ఆరింటికి 0.35, 0.15, 0.12, 0.06, 0.04, 0.02 ఇచ్చింది.

గీత 0.5 దగ్గర ఉంటే ఒక్కటే పట్టుబడుతుంది. అది నిజమే, కానీ ముగ్గురు రోగులు తప్పిపోయారు. గీత 0.20కి దించితే నలుగురిని పిలుస్తాం, వారిలో ముగ్గురికి నిజంగా ఉంది, ఒకరు తప్పిపోయారు. 0.10కి దించితే ఏడుగురిని పిలుస్తాం. నలుగురూ దొరికారు, ముగ్గురిని అనవసరంగా కంగారుపెట్టాం. పిలిచినవాటిలో నిజమెంత, ఉన్నవాటిలో దొరికినవెన్ని అనే రెంటినీ కలిపి తూచే ఎఫ్1 అనే కొలత ఈ మూడింటికీ వరసగా 0.40, 0.75, 0.73 ఇస్తుంది. దాన్ని బట్టి 0.20 గెలుస్తుంది.

నాకైతే ఎఫ్1 మీద అంత భక్తి లేదు. దానికి రెండు రకాల తప్పులూ ఒకే ధర. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం గంటల్లో ప్రాణం మీదికి రావచ్చు. దాన్ని వదిలేయడం, అనవసరంగా ఒకసారి డాక్టర్‌కు చూపించడం ఒకటే ఎలా అవుతాయి? వదిలేయడం తొమ్మిది రెట్లు చేటు అనుకుంటే, మోడల్ ఇచ్చే విలువలు నిజమైన సంభావ్యతలే అయిన పక్షంలో, గీత 1/(1+9) దగ్గర, అంటే 0.1 దగ్గర ఉండాలి. ఆ తొమ్మిది ఎవరు చెప్పాలి? ప్రోగ్రామర్ కాదు, ఎక్స్‌రే చదివే డాక్టర్. గాలికి ఒక తొమ్మిది, నెమ్మదిగా పెరిగే మరో సమస్యకు ఒక రెండు, అలా గీతలు పద్నాలుగు అవుతాయి.

అరుదైన సమస్యను మోడల్ పట్టించుకోవడం లేదని, నష్టం లెక్కలోనే దానికి బరువు పెంచడం ఇంకో మార్గం. పైటార్చ్‌లో దాని పేరు `pos_weight`. హెర్నియాకు లేనివాటిని ఉన్నవాటితో భాగిస్తే వచ్చే 493 పెట్టేవారున్నారు. పెట్టవచ్చు గానీ, ఆ తర్వాత వచ్చే 0.5 పాత లెక్కలో 1/494తో సమానం. బరువూ గీతా చాలావరకు ఒకే మీటకు రెండు చివరలు. బరువు మార్చి పాత గీతలే వాడితే, ఉన్నట్టుండి సగం మందికి హెర్నియా ఉందని రావచ్చు.

గీతల మీద మరీ నమ్మకమూ మంచిది కాదు. పదో వంతు ఎక్స్‌రేలు పక్కన పెడితే హెర్నియాలు ఇరవై పైచిలుకే దొరుకుతాయి. అందులో రెండు అటో ఇటో అయితే గీత ఎక్కడికో జరిగిపోతుంది. అలాంటి చోట ‘ఎక్కువ మార్కులొచ్చిన విలువ’ కంటే పొరుగు విలువలతో పెద్ద తేడా రాని చోటు చూసి పెట్టుకోవడం మేలు. అసలు గుర్తులే రేడియాలజిస్టు రాసిన రిపోర్టుల నుంచి సాఫ్ట్‌వేర్ ఏరినవి, ఎక్స్‌రే చూసి పెట్టినవి కావు. ఆస్ట్రేలియా రేడియాలజిస్టు ల్యూక్ ఓక్డెన్-రేనర్ వాటిని తిరగేసి చాలా తప్పులున్నాయన్నారు. గాలి చేరినవని గుర్తు పెట్టిన వాటిలో చాలా ఎక్స్‌రేలలో, వైద్యం కోసం ఛాతీలో అప్పటికే పెట్టిన గొట్టం కనిపిస్తోందని కూడా ఎత్తిచూపారు. మోడల్ గాలిని కాక గొట్టాన్ని గుర్తుపట్టడం నేర్చుకుంటే, గొట్టం పెట్టని కొత్త రోగికి అంకె తక్కువే వస్తుంది. అంటే ఎవరిని పట్టడానికి గీత గీశామో వారే కిందికి జారిపోతారు. దీన్ని చూడాలంటే గొట్టం లేని ఎక్స్‌రేలను విడదీసి, ఎంతమంది దొరుకుతున్నారో వాటిలోనే లెక్కవేయాలి.

ఊరు మారితే గీతలూ మారతాయి. పరిశోధన కోసం ఎంచిన రోగులు వచ్చే బెథెస్డా ఆసుపత్రిలో కుదిరిన 0.2, మన జిల్లా ఆసుపత్రి ఓపీకి కుదరదు. వచ్చే రోగులు వేరు, మెషిన్లు వేరు. ఇక్కడి ఫిల్ములు కొన్ని డాక్టర్ల చేత చదివించి, గీతలు మళ్లీ తేల్చుకోవాలి. అలా తేల్చుకున్నా ఒకటి మిగిలిపోతుంది. ఇక్కడ ఛాతీ ఎక్స్‌రే తీయించుకోమనడానికి పెద్ద కారణాల్లో ఒకటైన టీబీ ఆ పద్నాలుగు గడుల్లో లేదు. టీబీ రోగి ఫిల్ముకు ఫైబ్రోసిస్ లాంటి గడుల్లో అంకె పెరగొచ్చు, పెరగకపోవచ్చు. దానికి గీత గీద్దామన్నా, గీయడానికి గడి లేదు.