వద్దన్న డెబ్బై డాలర్లు

ఎంబీఏ ఫైనాన్స్ పేపర్లో తరచూ వచ్చే ప్రశ్న ఒకటుంది. కంపెనీని బయటివాళ్లు కొనెయ్యకుండా యాజమాన్యం అడ్డుగోడలు కడితే ఆ కంపెనీ షేర్లున్నవాళ్లకు లాభమా, నష్టమా? పిల్లలు చాలామంది రెండు పక్షాలూ చెరో అరపేజీ రాసి, చివర ‘పరిస్థితిని బట్టి’ అని ముగిస్తారు. మార్కులు పడతాయి. కానీ ఏ పరిస్థితి, ఏం చూసి చెప్పాలి అన్న దగ్గరే అసలు సంగతంతా ఉంది. అది తేలాలంటే ఎయిర్‌గ్యాస్ కథ చూడాలి.

ఎయిర్‌గ్యాస్ అమెరికాలోని పెన్సిల్వేనియా కంపెనీ. వెల్డింగ్ షాపులకు, ఆసుపత్రులకు గ్యాస్ సిలిండర్లు సరఫరా చేస్తుంది. 2010 ఫిబ్రవరి 4న దాని షేరు 43 డాలర్ల 53 సెంట్ల దగ్గర ముగిసింది. మర్నాడు అదే రాష్ట్రానికి చెందిన ఎయిర్ ప్రొడక్ట్స్ షేరుకు 60 డాలర్లు నగదుగా ఇస్తామని ప్రకటించింది. కొద్దిరోజుల్లోనే టెండర్ ఆఫర్ వేసింది. అంటే బోర్డును పక్కనపెట్టి, ‘మీ షేర్లు ఈ తేదీలోగా మాకు అప్పగించండి, ఈ ధర ఇస్తాం’ అని వాటాదారులనే అడగడం. మన దగ్గర ఓపెన్ ఆఫర్ అనేది ఈ జాతిదే.

ప్రకటన రోజునే షేరు 60 దాటిపోయింది. టెండర్ ఆఫర్ వచ్చినప్పుడు లక్ష్యమైన కంపెనీ వాటాదారులకు సగటున 30 శాతం దాకా కలిసొస్తుందని జెన్సన్, రూబాక్ 1983లోనే లెక్క తేల్చారు. ఇక్కడ అంతకు మించే వచ్చింది. మరి వచ్చిన లక్ష్మిని కాలదన్నడం ఎందుకు?

ఎందుకంటే టెండర్ ఆఫర్‌లో ఒక మెలిక ఉండొచ్చు. వంద రూపాయల షేరును 120కి కొంటానని ఒకరు వచ్చారనుకోండి. సగం పైచిలుకు షేర్లే కొంటాడు. పగ్గాలు చేతికి వచ్చాక మిగతావాళ్లకు 90 చాలంటాడు. కంపెనీ విలువ 130 అని మీకు గట్టి నమ్మకం ఉన్నా, పక్కవాడు ముందు అమ్మేస్తే 90 దగ్గర మిగిలిపోతానన్న భయంతో మీరే ముందు పరిగెత్తి ఇచ్చేస్తారు. ఎవరికీ ఇష్టం లేని ధరకు అందరూ అమ్ముతారు. 1980లలో అమెరికాలో ఇలాంటి రెండంచెల ఆఫర్లు జోరుగా నడిచాయి. వాటాదారులు విడివిడిగా బేరమాడలేరు కాబట్టి వాళ్ల తరఫున బోర్డు ఒక్క నోటితో బేరమాడాలన్నది రక్షణలను సమర్థించేవాళ్ల వాదన.

ఆ బేరానికి బలం ఇచ్చేది పాయిజన్ పిల్. ఎయిర్‌గ్యాస్‌లో గీత 15 శాతం దగ్గర ఉండేది. బోర్డు ఒప్పుకోకుండా ఎవరైనా ఆ గీత దాటితే, అతను తప్ప మిగతా వాటాదారులందరికీ సగం ధరకే కొత్త షేర్లు కొనుక్కునే హక్కు వస్తుంది. వంద షేర్ల కంపెనీలో అతనికి 20 ఉన్నాయనుకుందాం. మిగతా 80 మందీ తలా ఒకటి కొంటే మొత్తం 180 అవుతుంది, అతని వాటా 20 శాతం నుంచి 11కు పడిపోతుంది. అతను పెట్టిన డబ్బులో కొంత మిగతావాళ్ల జేబుల్లోకి వెళ్తుంది. అందుకే ఈ మాత్రను నిజంగా మింగించే అవసరం దాదాపు రాదు, సీసా మీద పేరు చూసే ఆగిపోతారు.

అయితే బోర్డునే మార్చేస్తే కొత్త బోర్డు పిల్‌ను తీసెయ్యొచ్చు కదా! అక్కడే రెండో గోడ. ఎయిర్‌గ్యాస్ డైరెక్టర్లలో ఏటా మూడో వంతు మందికే ఎన్నిక జరిగేది. మెజారిటీ దక్కాలంటే రెండు వార్షిక సమావేశాలు గెలవాలి. 2010 సెప్టెంబరులో ఎయిర్ ప్రొడక్ట్స్ నిలబెట్టిన ముగ్గురూ గెలిచారు. తర్వాతి సమావేశాన్ని జనవరికే జరపాలన్న తీర్మానమూ నెగ్గింది కానీ, డెలావేర్ సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఈలోగా ఆఫర్ మెట్టు మెట్టుగా ఎక్కి డిసెంబరులో 70 డాలర్లకు చేరింది. ఇదే ఆఖరు మాట అన్నారు. మా విలువ కనీసం 78 అని బోర్డు భీష్మించుకుంది.

ఇక్కడ నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించే సంగతి ఒకటుంది. కొనుగోలుదారు మనుషులుగా లోపలికి వెళ్లిన ఆ ముగ్గురు డైరెక్టర్లూ లెక్కలు చూశాక, 70 తక్కువే అని పాత బోర్డుతో గొంతు కలిపారు. యాజమాన్యం కుర్చీ కాపాడుకోవడానికే వద్దంటోందన్న అనుమానానికి ఇంతకంటే గట్టి జవాబు దొరకదు. 2011 ఫిబ్రవరి 15న చాన్సలర్ చాండ్లర్ తీర్పు చెప్పారు. పిల్ తన పని ఇప్పటికే పూర్తిచేసిందని తన సొంత అభిప్రాయం అంటూనే, పై కోర్టు తీర్పులకు కట్టుబడి బోర్డునే గెలిపించారు. ఎయిర్ ప్రొడక్ట్స్ మూటాముల్లె సర్దుకుంది.

తర్వాత 2015 నవంబరులో ఫ్రాన్స్‌కు చెందిన ఎయిర్ లిక్విడ్ షేరుకు 143 డాలర్లు ఇస్తానంది. 2016 మేలో డబ్బు చేతికొచ్చింది. 70 వద్దన్నవాళ్లకు 143! రక్షణ గెలిచిందని చాలామంది పుస్తకం మూసేసేది ఇక్కడే.

కానీ కాలం విలువ లెక్కెయ్యాలి. అయిదేళ్ల మూడు నెలల్లో 70 కాస్తా 143 అయితే, డివిడెండ్లు వదిలేసి చూసినా, ఏడాదికి సుమారు 14 శాతం పైమాటే. బాగానే ఉంది. అయితే ఎయిర్ లిక్విడ్ కబురు రాకముందు షేరు సుమారు 106 దగ్గరుంది. అంటే 70 నుంచి సగం పెరిగింది. అదే కాలంలో ఎస్ అండ్ పీ 500 సూచీ కూడా సగానికి పైగానే పెరిగింది. 70 తీసుకుని సూచీలో పెట్టినవాడు వెనకబడలేదు. ఆగినవాళ్లను గెలిపించింది రెండో పెళ్లికొడుకు తెచ్చిన కట్నమే. అది వస్తుందని 2011లో రాసిచ్చినవాళ్లు ఎవరూ లేరు. పైగా తీర్పు నాటికి సగానికి దగ్గరగా షేర్లు ఆర్బిట్రేజర్ల చేతిలో ఉన్నాయి. ఆఫర్ తెగుతుందని మధ్యలో కొన్నవాళ్లు వాళ్లు, వాళ్లకు 70 ఇస్తే చాలు. పాతికేళ్లుగా పట్టుకున్నవాడి సంపద, నిన్న కొన్నవాడి సంపద ఒకటి కాదు.

రెండో వస్తుందన్న భరోసా లేదనడానికి యాహూ ఉంది. 2008 ఫిబ్రవరిలో 19 డాలర్లున్న షేరుకు మైక్రోసాఫ్ట్ 31 ఇస్తానంది, 33 దాకా వచ్చింది. యాహూ 37 అడిగింది. మేలో మైక్రోసాఫ్ట్ తప్పుకుంది. నవంబరుకల్లా షేరు 10 లోపుకు జారింది. మధ్యలో ప్రపంచ మార్కెట్లే కూలిన మాట నిజం, అయినా పాత 19 కూడా మిగల్లేదు. ఈ మధ్యలో యాహూ ఇంకో పని చేసింది. యాజమాన్యం మారాక ఉద్యోగులు వెళ్లిపోతే భారీ పరిహారం ఇచ్చే పథకం పెట్టింది. ఆ ఖర్చు కొనేవాడి నెత్తిన పడుతుంది. అలాంటిది ధర పెంచదు, కొనేవాణ్ణి బెదరగొడుతుంది.

కాబట్టి నేనైతే మూడు చోట్ల చూస్తాను. ఆఫర్ పెరుగుతోందా? 60 నుంచి 70 దాకా ఎక్కించిన రక్షణ బేరం చేసినట్టే. వద్దంటున్నది కుర్చీలున్నవాళ్లేనా, స్వతంత్రులు కూడానా? కట్టిన గోడను రేపు మంచి ధర వస్తే తీసెయ్యొచ్చా? పిల్‌ను బోర్డు ఒక్క సంతకంతో తీసెయ్యగలదు. అమ్మేసిన ఆస్తి మాత్రం తిరిగి రాదు.

ఈ చివరిది తెలుగువాళ్లకు కొత్త కాదు. 1998లో ఇండియా సిమెంట్స్ హైదరాబాదు రాశి సిమెంట్ మీద షేరుకు 300 రూపాయల ఓపెన్ ఆఫర్ వేసినప్పుడు, రాశి చేతిలోని శ్రీ విష్ణు సిమెంట్ వాటాను ప్రమోటర్ల వైపు మళ్లించడం పెద్ద రచ్చయింది. చివరికి బి.వి. రాజు తన వాటానూ అమ్మేశారు. ఇప్పుడు సెబీ 2011 నిబంధనల ప్రకారం 25 శాతం గీత దాటినవాడు కనీసం మరో 26 శాతానికి ఆఫర్ ఇవ్వాలి. ఆఫర్ నడుస్తుండగా బోర్డు పెద్ద ఆస్తులను అమ్మాలంటే వాటాదారుల ప్రత్యేక తీర్మానం కావాలి. అమెరికా తరహా పిల్‌కు ఇక్కడి షేర్ల ధర నిబంధనలు చోటివ్వవు. మన కంపెనీల్లో నిజమైన కోటగోడ ప్రమోటరు చేతిలోని సగం వాటా. దాన్ని దాటి ఆఫర్ చిన్న వాటాదారుడి గుమ్మం దాకా వచ్చేది అరుదు.