టైమ్‌షీట్ అడగడానికీ ఓ పద్ధతుంది

శుక్రవారం సాయంత్రం టీమ్ గ్రూపులో లీడ్ మెసేజ్: "మళ్లీ టైమ్‌షీట్లు పెండింగేనా? ఎన్నిసార్లు చెప్పాలి?" తొమ్మిది మందీ చదివారు, ఎవరూ కదల్లేదు. నింపినవాళ్లకు అనవసరంగా మాట పడ్డట్టయింది. నింపనివాళ్లు అది తమకు కాదనుకున్నారు. ఎప్పటిలోగా కావాలో, ఎందుకు కావాలో అందులో లేదు మరి.

గంటల లెక్కన బిల్లు వేసే ప్రాజెక్టులో ఒక్కరి షీట్ ఆగినా క్లయింటుకు వెళ్లాల్సిన బిల్లు ఆగుతుంది. ఆ సంగతే చెప్పి, గడువుకు ముందే, శుక్రవారం మధ్యాహ్నం 2 గంటలకు ఇలా రాయొచ్చు:

"అందరికీ నమస్కారం. ఈ వారం టైమ్‌షీట్లు ఈరోజు సాయంత్రం 5 లోపు సబ్మిట్ చేయండి. సోమవారం ఉదయం 10కి నేను అప్రూవ్ చేస్తేనే ఫైనాన్స్ వాళ్లు బిల్లు పంపగలరు. ప్రాజెక్టు కోడ్ కనిపించకపోతే 4 లోపు చెప్పండి."

5 దాటాక గ్రూపులో మళ్లీ అడగకూడదు. మిగిలినవాళ్లకే విడిగా రాయాలి: "మీ షీట్‌లో గురు, శుక్రవారాలు ఖాళీగా ఉన్నాయి. సోమవారం 9:30 లోపు నింపండి. ఏదైనా అడ్డొస్తోందా?"

ఆ చివరి ప్రశ్న ముఖ్యం. వరసగా మూడు వారాలు ఒకరే ఆలస్యం చేస్తే మెసేజ్ మానేసి పది నిమిషాలు కూర్చుని మాట్లాడాలి. కొత్త ప్రాజెక్టు కోడ్ ఆయనకు తెరవనే లేదని అప్పుడు బయటపడొచ్చు. అలాంటప్పుడు ఎంత మర్యాదగా గుర్తుచేసినా షీట్ రాదు. ముందు కోడ్ తెరిపించాలి.