స్కిప్ బటన్ వచ్చేలోపు

భాషా పాఠశాలల ప్రకటనల్లో బాగా పేరొచ్చిన వాటిలో బెర్లిట్జ్‌ది ఒకటి. 2000ల దశకం నాటిది. జర్మన్ తీర రక్షకదళంలో కొత్తగా చేరిన కుర్రాడికి రేడియోలో ఓడ నుంచి ‘మునిగిపోతున్నాం’ అని ఇంగ్లిష్‌లో కేకలు వినిపిస్తాయి. అతనికి అది ‘ఆలోచిస్తున్నాం’ అన్నట్టు తోస్తుంది. ‘దేని గురించి?’ అని తాపీగా అడుగుతాడు. బెర్లిట్జ్ పేరు చివర్లో గానీ కనబడదు. ఎవరూ లేచి వెళ్లని రోజుల్లో అది చెల్లింది.

ఇప్పుడు యూట్యూబ్‌లో ఐదు సెకన్లకే స్కిప్ బటన్ వచ్చేస్తుంది. చూపుకు ఇంత అని లెక్కగట్టే పద్ధతిలో, ప్రేక్షకుడు 30 సెకన్లు చూస్తేనో, చిన్న ప్రకటనైతే చివరిదాకా చూస్తేనో, లేదా దాన్ని నొక్కితేనో కంపెనీ డబ్బు కట్టాలి. ముందే దాటేస్తే ఖర్చు లేదు. అందుకే ఆ ఐదు సెకన్లలోనే నవ్వూ పడాలి, యాప్ పేరూ కనబడాలి.

ఉదాహరణకు కన్నడం నేర్పే యాప్‌కి 20 సెకన్ల ప్రకటన ఊహిద్దాం. బెంగళూరులో కొత్తగా అద్దెకు దిగిన తెలుగమ్మాయిని మెట్ల మీద ఇంటి ఓనరమ్మ ‘ఊటా ఆయ్తా?’ అంటుంది. భోజనమైందా అని పలకరింపు. అమ్మాయి దాన్ని పిలుపనుకుంటుంది. మరుక్షణం వాళ్ల డైనింగ్ టేబుల్ దగ్గర కంచం ముందు కూర్చుని ఉంటుంది, ఇంటిల్లిపాదీ నోరు తెరుచుకుని చూస్తుంటారు. ఐదో సెకను. మూలన యాప్ గుర్తు అప్పటికే ఉంది. ఆరో సెకనులో ఫోన్ తెర: అదే మాట వినిపించి, ‘ఆయ్తు, నిమ్దు?’ అని ఆమెచేత పలికిస్తుంది. పదిహేనో సెకనుకి మళ్లీ మెట్లు, అదే పలకరింపు, ఈసారి సరైన జవాబు. చివర్లో డౌన్‌లోడ్ బటన్.

ఇక్కడ కీలకం ఒక్కటే: పరువు పోయిన ఆ మాటనే యాప్ మొదటి పాఠంలో నేర్పాలి. ప్యాంటు చిరగడం, టీ ఒలకడం లాంటివి పెడితే నవ్వొస్తుంది గానీ దానికీ యాప్‌కీ సంబంధం ఉండదు. ఈ అతుకు సరిగా పడిందో లేదో వీడియోని ఏ సెకను దాకా ఎంతమంది చూశారో చూపే గ్రాఫ్‌లో తెలిసిపోతుంది. ఫోన్ తెర కనబడగానే గీత నిట్టనిలువునా పడితే, జనం కథ కోసం ఆగారు గానీ యాప్ కోసం కాదు. గీత నిలిచినా ఇంకో పరీక్ష ఉంది. మర్నాడు చూసినవాళ్లని అడిగితే కంచం కథ చెప్పి, యాప్ పేరు మరిచిపోతే డబ్బు దండగే.

హద్దు కూడా ఉంది. తప్పు జరిగిన తీరును చూసి నవ్వాలి, మనిషి యాసనో ఊరినో చూసి కాదు. పైగా ఆ అమ్మాయి నేర్చింది ఒక్క జవాబు. ‘వారంలో గడగడా కన్నడం’ అని తెర మీద వేస్తే, రుజువు చూపమని భారత ప్రకటనల ప్రమాణాల మండలి అడగొచ్చు.